ఆరున్నొకటి

ఆ ఏడాది రంగూన్‌లో ‘ఎంతమంది?’ అన్నంత పాడుమాట ఇంకోటి లేదు. బూతు తిడితే నవ్వి ఊరుకునేవాళ్ళు కూడా, ఎంతమంది అని అడిగితే మాత్రం మొహం బిగించుకునేవారు. ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారు, రాత్రి దిగిన చుట్టాలెంతమంది, మేడ ఎక్కినవాళ్ళెంతమంది? సైన్యం గద్దెనెక్కగానే ఐదుగురు గానీ, అంతకు మించి గానీ ఒకచోట చేరకూడదని హుకుం వేసింది. నలుగురైతే మనుషులు, ఐదుగురైతే గుంపు. గుంపైతే జైలు.

మరియ గదిలో పిల్లలు ఏడుగురు.

మరియ ఆ ఊళ్ళోనే లత అనే పేటలో సర్కారు బడి పంతులమ్మ. పంతులమ్మని అక్కడ ‘సయామా’ అంటారు. తాతల నాడు విశాఖ నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబం. సైన్యం వచ్చిన నెలలోనే, దానికి ఎదురుతిరిగిన సర్కారు ఉద్యోగుల సమ్మెలో కలిసింది, ఉద్యోగం ఊడింది. సైన్యం తెరిచిన బడులకి పంపం అని మొండికేసిన తల్లిదండ్రులు కొందరు ఆమెని పట్టుకున్నారు. మూడో అంతస్తులో, తన ఇంటి ముందుగదిలో చాప పరిచి, తలుపు మూసి, ఆ పిల్లలకి బర్మా భాషా, లెక్కలూ చెబుతోంది. పట్టుబడితే తనొక్కతే పోదు, పిల్లల్ని పంపినవాళ్ళూ పోతారు. అది ఆమెకి రోజూ అన్నం ముద్దతోపాటు గొంతులో అడ్డం పడే సంగతి.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ వానాకాలం ఆ భూతం మరియ ఇంట్లోనే కాపరం పెట్టింది. ఒకరోజు కూరల బజారులో పదిళ్ళ పెద్ద భార్య ఎదురైంది. పదిళ్ళ పెద్దంటే వీధిలో ఇళ్ళని కనిపెట్టి ఉండమని వార్డువాళ్ళు పెట్టిన మనిషి. ఆవిడ వంకాయలు ఏరుతూ, “మీ ఇంటికి పదకొండు మంది పిల్లలు వస్తున్నారటగా” అని నవ్వింది. మరియ చిల్లర కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది. రెండు రోజులకి కింద టీ కొట్టువాడు, “నలుగురేనటగా సయామా, ఏం గిట్టుబాటవుతుంది” అన్నాడు. పదకొండు ఎవరు చెప్పారు, నలుగురని ఎవరు చెప్పారు? కూపీ లాగితే రెండూ ఒకే నోట్లోంచి వచ్చాయి. ఆశ నోట్లోంచి.

ఆశకి తొమ్మిదేళ్ళు. గంజాం వైపు నుంచి వచ్చిన వాళ్ళ పిల్ల. అమ్మా నాన్నా ఏరు దాటి తన్లిన్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉంటారు, ఆదివారాలు వస్తారు. పిల్లని పెంచేది నాయనమ్మ చిలకమ్మ. పొద్దున్నే పిల్లని తెచ్చి దింపి, మెట్ల మీద గొడుగు పక్కన పెట్టుకుని కూర్చునేది ఆవిడే. చిలకమ్మకి పదిళ్ళ పెద్ద భార్యతో మాటామంతీ ఉంది. ఇంకేం, మరియ మనసు కథ అల్లేసింది. ముసల్దే పిల్లకి నూరిపోసి పంపుతోంది. ఓసారి పదకొండు, ఓసారి నాలుగు చెప్పించి, నేను ఏ అంకెకి ఉలిక్కిపడతానో చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది నేనే కదా!

సరే, పరీక్ష పెడదామనుకుంది. పిల్లలు వెళ్ళబోతుండగా ఆశని ఆపి, ఇవాళ ఎంతమంది వచ్చారే అని తేలిగ్గా అడిగింది. ఆశ పిల్లలవైపు చూడలేదు. మరియ మొహంలోకి చూసింది.

ఐదా అంది. మరియ కనుబొమ కదిలిందో ఏమో, వెంటనే ఎనిమిదా అంది. మరియ ఏమీ అనకపోయేసరికి నాలుగా అంది. ఒళ్ళు మండింది మరియకి. వేలెడంత లేదు, పోలీసువాడిలా మొహం చదువుతోంది! ఆ మధ్యాహ్నమంతా ఆమెకి ఏ పనీ సాగలేదు. పిల్లని మాన్పించేస్తే? మాన్పిస్తే ముసల్ది పగబట్టి నేరుగా వార్డు ఆఫీసుకే పోతే? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆ ముడి మంచినీళ్ళ గ్లాసుల దగ్గర విడింది.

ఉక్కపోత రోజు. అందరికీ గ్లాసులు తెమ్మని ఆశని వంటింట్లోకి పంపింది మరియ. ఆశ ఒక గ్లాసు తెచ్చి ఒక పిల్లకి ఇచ్చింది. వెనక్కి పరిగెత్తి ఇంకోటి తెచ్చి ఇంకొకడికి ఇచ్చింది. అలా ప్రతి ఒక్కరికీ ఓ పరుగు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకే ఈ తిరగడం, సరిపడా ఒకేసారి పట్టుకురా అంది మరియ. ఈసారి ఆశ వంటింట్లో ఉన్న గ్లాసులన్నీ, గిన్నెలతో సహా, ఒళ్ళో వేసుకుని వచ్చింది. ఆ చూపులో కపటం లేదు. ఎక్కడ తప్పయిపోయిందో తెలియని భయం ఉంది.

మరియ ఆ గిన్నెలు అందుకుని కింద పెట్టింది. అబద్ధం ఆడాలన్నా అసలు నిజం ఎంతో తెలియాలి కదా. ఈ పిల్లకి ఏడుగురున్నారని తెలిస్తేగా పదకొండని చెప్పడానికి!

చాలా ఏళ్ళ కిందట ఒక శిక్షణలో ఈ సంగతి విన్న గుర్తు. దాని పేరు డిస్కాల్‌క్యులియా. తెలివి, చదువు బాగానే ఉన్నా అంకెల తెలివి మాత్రం పుట్టుకనుంచే చిక్కుపడి ఉండటం. అయినా అనుమానం ఊరికే వదులుతుందా? మరియ ముందు మిగతా దోషులందరినీ వెతికింది. బళ్ళు మూతపడి పోయిన చదువా? అందరు పిల్లలకీ అంతే పోయింది. మిగతా ఆరుగురూ రెండు నెలల్లో కూడికలు పట్టేశారు, ఆశ ఒక్కతే మొదటి రోజు ఉన్నచోటే ఉంది. కళ్ళా? సూదిలో దారం ఎక్కిస్తుంది, బర్మా పాఠం గడగడా చదువుతుంది. చెవులా? వంటింట్లో గుసగుసలాడినా వింటుంది. బర్మా అంకెల్లో ఆరూ తొమ్మిదీ తిరగేసి రాసినట్టుంటాయి, అదా? అంకెలే లేకుండా చింతపిక్కలు పెట్టినా అంతే. భాషా? తెలుగులో అడిగింది, బర్మాలో అడిగింది, ఇంగ్లీషులో అడిగింది. మూడింట్లోనూ అదే తడబాటు.

అప్పుడు జయంతికి కబురు పెట్టింది. జయంతి తన్లిన్‌లో ఉంటుంది, చదువులో వెనకబడే పిల్లలకి ప్రత్యేకంగా చెప్పే టీచరు. ఆమె కూడా సమ్మెలోనే ఉంది. ఆ రోజుల్లో బస్సులో వంతెన దాటి రావడమే ఓ సాహసం. సంచిలో కూరగాయల కింద చుక్కల అట్టలు దాచుకుని వచ్చింది.

జయంతి ఆశతో ఆటలాగే మొదలుపెట్టింది. మూడు చుక్కల అట్ట చూపించి చటుక్కున తిప్పేసింది. ఆ ఈడు పిల్లలు మూడూ నాలుగూ లెక్కపెట్టరు, చూడగానే చెప్పేస్తారు. ఆశ, అట్ట మళ్ళీ చూపిస్తే, మూడు చుక్కల్నీ ఒక్కొక్కటే వేలితో తాకింది. ఐదు పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే చాలాసేపు ఆలోచించింది. గోడకి గీసిన గీత మీద ఇక్కడ సున్నా, అక్కడ పది, మరి ఐదెక్కడ అంటే పది పక్కనే పెట్టింది. పది నుంచి వెనక్కి లెక్కపెట్టలేకపోయింది. మూడు పిక్కలకి నాలుగు కలపమంటే, మూడు అక్కడే ఉన్నా మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుంది. కథ చెప్పమంటే మాత్రం జయంతినే నవ్వించి ఏడిపించింది. మర్నాడు ఇంకోసారి చేసినా ఫలితం మారలేదు.

జయంతి తొందరపడి పేరు పెట్టలేదు. ఖాయంగా చెప్పాలంటే తర్ఫీదున్న మానసిక నిపుణులు లెక్క ప్రకారం పరీక్షలు చెయ్యాలి, ఈ రోజుల్లో వాళ్ళెక్కడున్నారో వాళ్ళకే తెలియదు అంది. కానీ గట్టి అనుమానమే, ఖాయం కాలేదని పిల్లని ఆపక్కర్లేదు, ఉన్నట్టే అనుకుని చెప్పు, నష్టమేమీ లేదు అంది. ముందు ఇంట్లోవాళ్ళని అడుగు, చిన్నప్పటినుంచీ ఎలా ఉండేదో వాళ్ళకే తెలుస్తుంది అని కూడా అంది.

అక్కడే వచ్చింది తంటా. మరియ మెట్లమీదికి వెళ్ళి చిలకమ్మ పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టింది. పిల్ల లెక్కపెట్టడం ఎప్పుడు నేర్చింది? గడియారం చూస్తుందా? మీ ఇంటి అంతస్తు గుర్తుంటుందా? ఇంట్లో ఎంతమందికి అన్నాలు వడ్డించమంటే చెయ్యగలదా?

చిలకమ్మ మొహం మాడిపోయింది. గొడుగు ఒళ్ళోకి తీసుకుంది.

“ఏటి సయామా, మా ఇంట్లో ఎంతమందో నీకెందుకు? నువ్వూ వార్డోళ్ళకి రాసిచ్చే మనిసివేనా?”

మరియకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఇన్నాళ్ళూ తను ఆవిడని ఏమనుకుందో ఆవిడ తనని అదే అనుకుంటోంది. దాచకుండా చెప్పేసింది, నిన్నే అనుమానించాను మామ్మా, పదకొండని నువ్వే చెప్పించావనుకున్నాను అని. ముసలమ్మ కాసేపు గుర్రుగా చూసింది. తర్వాత గొంతు దించి, పిల్ల కోసం ఒప్పుకున్నట్టు, ఒక్కొక్కటే బయటపెట్టింది. గుంటకి చేతికెన్ని వేళ్ళో ఇప్పటికీ లెక్కపెడితే గాని తెలియదు. రేపంటే ఎల్లుండికి లేస్తుంది. ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు అంతస్తు తప్పిపోయి పరాయి తలుపు కొడుతుంది. “దాని అయ్యా అంతే. ఇప్పటికీ జీతం డబ్బులు పెళ్ళామే సూసుకుంటాది. మొద్దని కొట్టి కొట్టి బడి మానిపించేసినారు వాడిని. దీన్నీ కొడతావేటి?”

కొట్టను మామ్మా అంది మరియ.

ఆ మర్నాటి నుంచి చెప్పే పద్ధతి మారింది. ఆశని అందరి ముందూ లేపి అడగడం లేదు. గడియారం పెట్టి తొందరపెట్టడం లేదు. పేజీకి ఇరవై లెక్కలు ఇచ్చే చోట నాలుగే ఇచ్చింది, గళ్ళ కాగితం మీద, గడికో అంకె. వేళ్ళు వాడుకో అంది, వాడొద్దని ఎవరైనా నవ్వితే వాడి వేళ్ళు నేను పట్టుకుంటానంది. చుక్కలు ఎప్పుడూ ఒకే అమరికలో పెట్టింది. ఆరంటే మూడు, దాని కింద మూడు. ముందు చింతపిక్కలు, వాటి బొమ్మ తర్వాత, అంకె చివర్న. పది గళ్ళ అట్ట చేసి, పైన ఐదు కింద ఐదు, పిక్కలు పెట్టించి, నిండటానికి ఇంకెన్ని కావాలో చూడమంది. గచ్చు మీద సుద్దతో గీత గీసి, అంకెల మీద నడిపించింది, ముందుకీ వెనక్కీ. పది దాటాక బర్మా మాటలే వాడింది. పదకొండులో పదీ ఒకటీ ఎక్కడున్నాయో వెతకాలి, బర్మాలో మాత్రం పది-ఒకటి అని విప్పి చెప్పినట్టుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పింది ఒకటే: నా మొహం చూడకు, పిక్కల్ని చూడు. జవాబు నా మొహంలో ఉండదు.

ఏడు దగ్గర మాత్రం ఆగిపోయింది పిల్ల. ఎన్ని రోజులైనా ఏడు మనసులో నిలవదు. ఒకరోజు చిలకమ్మ మెట్లమీద బియ్యం కొలుస్తూ గొణుగుతుంటే మరియ చెవిన పడింది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు వస్తుందని ఆరున్నొకటి అంటారు. ఓహో, ఇదన్నమాట పిల్లని పాడుచేసింది అని మొదట పళ్ళు నూరింది మరియ. అనుమానపు బుద్ధి ఎక్కడికి పోతుంది! చీపురు పట్టుకుని గది ఊడుస్తుండగా తట్టింది, ఏడుని విప్పి చూపించే మాట ఇంతకన్నా ఏముంది? ఆరూ, పక్కన ఒకటీ. ఆశకి ఆరు తెలుసు. లాభాన్ని పక్కన పెట్టించి, ఆరున్నొకటిని ఉంచేసింది. ఏ భాషలో అడిగినా సరే, ముందు నీకు తోచిన మాటలో అనుకో, తర్వాత బర్మాలో చెప్పు అంది.

చాప మీద పిల్లల్ని కూడా అలాగే కూర్చోబెట్టింది. ముగ్గురు, వాళ్ళ వెనక ముగ్గురు, తన పక్కన ఆశ. చలికాలం మొదలయ్యేసరికి ఆశ గ్లాసులు తేవడానికి వెళ్ళి, చాప వైపు ఓసారి తిరిగి చూసి, ఒకే పరుగులో ఏడూ తెచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆశ మరియ మొహం చూడలేదు కూడా, గ్లాసులే చూసుకుంది. ఆ సాయంత్రం మరియ జయంతికి ఫోన్ చేసి చెప్పింది. మాయమైపోలేదు, మాయమవదు కూడా, రోజూ చెయ్యాలి, కానీ దారి దొరికింది అంది జయంతి.

దారి దొరికిన వారం తిరక్కుండా పదిళ్ళ పెద్ద వచ్చాడు.

అప్పటికే మిగతా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దిగి వెళ్ళిపోయారు. ఏదో పనిమీద వెళ్ళిన చిలకమ్మకి ఆ రోజు ఆలస్యమైంది, అప్పుడే వచ్చి ఆశకి చెప్పులు తొడుగుతోంది. తలుపు దగ్గర అతనూ, వెనక యూనిఫారంలో ఒక కుర్రాడూ. పదిళ్ళ పెద్ద కేకలు వెయ్యలేదు, చిరునవ్వుతోనే లోపలికి వచ్చాడు. అదే భయం. చాప చూశాడు, గోడ మీద గీత చూశాడు. ఎంతమందికి చెబుతున్నారు సయామా అని బర్మాలో అడిగాడు. ముగ్గురికి, నాతో కలిపి నలుగురం అంది మరియ. చుట్టుపక్కల పిల్లలే, ట్యూషన్. అతను తలాడించాడు గాని కళ్ళు ఆమె మీద లేవు, ఆశ మీద ఉన్నాయి. వంగి, పిల్ల ఎత్తుకి వచ్చి, ముద్దుగా అడిగాడు, బంగారుతల్లీ, రోజూ ఇక్కడ మీరెంతమంది కూర్చుంటారు?

ఆశ మరియ మొహం చూడలేదు. ఖాళీ చాపని చూసింది. ముగ్గురు కూర్చునే చోట చూపు ఆగింది. వెనక ముగ్గురి చోట ఆగింది. తన చోట ఆగింది. పెదవులు కదిలాయి. మొహం విచ్చుకుంది.

“ఆరున్నొకటి,” అంది తెలుగులో, గట్టిగా, ఎవరినీ అడగకుండా.

చిలకమ్మ చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది. పదిళ్ళ పెద్దకి తెలుగు రాదు. నిటారుగా లేచి మరియ వైపు తిరిగాడు. ఏమంది?

ఆ ఒక్క క్షణంలో మరియకి మిగతా ఆరుగురి ఇళ్ళు కళ్ళ ముందు తిరిగాయి, ఆ ఇళ్ళ తలుపులు విరగ్గొడుతున్న చప్పుడుతో సహా. పక్కన ఆశ, మిగిలిన సగం చెప్పడానికి, బర్మాలో చెప్పడానికి, నోరు తెరుస్తోంది. సయామా నేర్పింది అదే కదా, ముందు నీ మాటలో, తర్వాత బర్మాలో.

“నాలుగంది,” అంది మరియ బర్మాలో. పిల్ల భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

ఆశకి బర్మా బాగా వచ్చు. తల తిప్పి చూసింది. కాదన్నట్టు మళ్ళీ చాప వైపు చూసింది, ముగ్గురు, ముగ్గురు. నోరు మళ్ళీ తెరిచింది. చిలకమ్మ చటుక్కున పిల్లని దగ్గరికి లాక్కుని, వచ్చీరాని బర్మాలో, ఇది మొద్దు గుంట బాబూ, దీనికి లెక్కలు రావు, ఏదడిగినా ఏదో వాగుతుంది, వీధంతా ఎరుగుదురు అంది. పదిళ్ళ పెద్ద నవ్వాడు. మా ఆవిడకి పదకొండు మందని చెప్పింది ఈ పిల్లేగా అన్నాడు. వెనక కుర్రాడూ నవ్వాడు. నవ్వక తప్పదు కాబట్టి మరియ కూడా నవ్వింది. ఆశ ఆ నవ్వులన్నీ చూసింది, చివరగా మరియది.

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగాక చిలకమ్మ గోడకి చేరబడి ఏడ్చింది. నా నోటితో నానే మొద్దన్నాను తల్లీ అని కుమిలింది. మరియ గచ్చు మీద కూలబడి ఆశ రెండు చేతులూ పట్టుకుంది. నువ్వు చెప్పిందే నిజం, ఏడే, ఆరున్నొకటే, నేనే అబద్ధం చెప్పాను, అతను చెడ్డవాడు కాబట్టి చెప్పాను అని మళ్ళీ మళ్ళీ అంది. ఆశ బుద్ధిగా తలూపింది. ఎందుకు తలూపుతోందో కనిపెట్టడం మరియ వల్ల కాలేదు.

వారం పాటు పిల్లల్ని రావద్దంది. తర్వాత ఇద్దరిద్దరుగా, వేర్వేరు పూటలకి పిలిచింది. ఆశని ఒంటరిగా రమ్మంది. ఆ పొద్దున పది గళ్ళ అట్ట ముందు పెట్టి, పిక్కలు పేర్చింది, ఎప్పుడూ పెట్టే అమరికలోనే, మూడు, కింద మూడు, పక్కన ఒకటి. ఎన్ని అని అడిగింది, వీలైనంత మెత్తగా.

ఆశ పిక్కల్ని చూడలేదు. మరియ కళ్ళలోకి చూసింది, జాగ్రత్తగా, చాలాసేపు.

“ఎన్నని సెప్పమంటావు సయామా?”